కార్డు మీద ‘ఎ2’: ఏడో వారంలో రక్తం కనిపించినప్పుడు ప్రొజెస్టిరోన్ ఎవరికి ఇవ్వాలి?

(రోగి గుర్తుపట్టకుండా వయసు, ఊరు, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాం. మందులు, మోతాదులు, స్కాన్ కొలతలు మార్చలేదు.)

నేపథ్యం

బెంగళూరు తూర్పు భాగంలో అద్దె ఇంట్లో ఉండే రాయలసీమ కుటుంబం. ఆమెకు 29 ఏళ్లు, పెళ్లై నాలుగేళ్లు. నెలసరి ముప్ఫై రోజులకోసారి తప్పకుండా వచ్చేది. బీపీ, షుగర్, థైరాయిడ్ సమస్యల్లేవు. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్. గ్రూపు పాజిటివ్ కాబట్టి యాంటీ-డి సూది గురించి ఆలోచించే పని లేకపోయింది. ఇది మూడో గర్భం. చేతిలో ఉన్న పాత కార్డు మీద ‘జి3 పి0 ఎ2’ అని ఉంది: మూడుసార్లు గర్భం, కాన్పు లేదు, రెండు అబార్షన్లు. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ‘ఎ2’ చుట్టూనే తిరిగాయి. ఎలాగో తర్వాత చెబుతాం.

నెల తప్పి ఐదో వారంలో ఇంట్లోనే టెస్ట్ చేసుకుంటే పాజిటివ్ వచ్చింది. అప్పటికి రక్తం లేదు, నొప్పి లేదు. అయినా ఇంటి దగ్గరి క్లినిక్‌లో పాత కథ విని ‘సపోర్ట్’ మొదలుపెట్టారు. రోజుకు రెండుసార్లు డైడ్రోజెస్టిరోన్ 10 మిల్లీగ్రాములు, వారానికో హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ సూది 500 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్, పూర్తి బెడ్ రెస్ట్. ఆరో వారం మధ్యలో రక్తంలో ప్రొజెస్టిరోన్ పరీక్ష చేయిస్తే 9.8 నానోగ్రాములు వచ్చింది. రిపోర్టులో ఆ అంకె పక్కన ‘తక్కువ’ అని గుర్తు. ఆ గుర్తు చూసినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఏడో వారం మొదట్లో గోధుమరంగు మచ్చలు కనిపించాయి. మర్నాడు పొద్దున ఎర్రటి రక్తం. ప్యాడ్ తడిసేంత కాదు, కానీ మధ్యాహ్నానికి రెండు మార్చింది. నడుము కొద్దిగా లాగుతోందని చెప్పింది. ఆ సాయంత్రం అత్తగారితో కలిసి మా దగ్గరికి వచ్చింది. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే ఆ రోజుకు 7 వారాల 1 రోజు.

వచ్చిన రోజు చూసినవి

రక్తం అనగానే ప్రిస్క్రిప్షన్ రాసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అంతకన్నా ముందు రెండు పనులు చేయాలి.

మొదటిది స్పెక్యులం పరీక్ష. గర్భం మొదటి నెలల్లో వచ్చే రక్తమంతా గర్భసంచి లోపలిది కాకపోవచ్చు. గర్భాశయ ముఖద్వారం మీద పాలిప్ ఉండొచ్చు, పుండు ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. వీటికి ప్రొజెస్టిరోన్ పనికిరాదు. ఈమెకు ముఖద్వారం మూసుకునే ఉంది, పాలిప్ లేదు, పైభాగంలో ముదురు రంగు పాత రక్తం కొంచెం ఉంది.

రెండోది యోని ద్వారా చేసే స్కాన్. గర్భం సంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అన్నది తేలకుండా ‘కడుపు నిలబడటానికి’ మాత్రలిచ్చి ఇంటికి పంపడం ప్రమాదకరం. ట్యూబులో గర్భం ఉన్న మనిషికి కూడా మొదట కనిపించేది ఇలాంటి కొద్దిపాటి రక్తమే. ఇక్కడ గర్భసంచిలో ఒకే పిండం కనిపించింది. తల నుంచి పిరుదు వరకు పొడవు 10 మిల్లీమీటర్లు, నెలల లెక్కకు సరిపోయింది. గుండె నిమిషానికి 128 సార్లు కొట్టుకుంటోంది. పిండం ఉన్న తిత్తి పక్కన 15 × 6 మిల్లీమీటర్ల చిన్న రక్తపు గడ్డ. ట్యూబుల దగ్గర తేడా ఏమీ లేదు. హిమోగ్లోబిన్ 11.2.

ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోవాలి. పిండం పొడవు 7 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉండి గుండె చలనం లేకపోతే గర్భం పోయిందని అనుమానించాలి. అయినా అప్పుడే తేల్చేయకుండా ఇంకో నిపుణుడి చేత చూపించుకోవడమో, వారం తర్వాత మళ్లీ స్కాన్ చేయడమో మంచిది. ఈమె విషయంలో ఆ సందేహమే రాలేదు. రక్తం వస్తోంది, ముఖద్వారం మూసుకుని ఉంది, గుండె కొట్టుకుంటోంది. దీన్నే ‘థ్రెటెన్డ్ మిస్‌క్యారేజ్’ అంటారు: గర్భస్రావం జరగలేదు, జరిగే భయం ఉంది.

‘ఎ2’ అంటే ఏ రెండు?

గదిలో అత్తగారే మాట్లాడింది. “రెండుసార్లు కడుపు పోయింది మేడమ్. ఇది మూడోది. ఈసారి గట్టి మందులే రాయండి.” కోడలు తల వంచుకుని కూర్చుంది.

మా దగ్గర బరువు, బీపీ చూసే గదిలోకి గర్భిణిని ఒక్కదాన్నే పంపుతారు. తోడు వచ్చినవాళ్లు బయట ఆగాలి. ఇలాంటి సమయాల్లో ఆ ఏర్పాటు అక్కరకొస్తుంది. అక్కడ ఆమెను సూటిగా అడిగాం: “అమ్మా, ఆ రెండుసార్లూ దానంతటదే పోయిందా, మాత్రలు వేసుకుని తీయించుకున్నారా?” కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పెళ్లైన మొదటి ఏడాది, ఇంకా ఉద్యోగం కుదురుకోకముందు, ఆరో వారంలో మందుల షాపు నుంచి తెచ్చిన మాత్రలతో మొదటి గర్భం తీయించుకుంది. ఈ సంగతి భర్తకు తెలుసు, అత్తగారికి తెలియదు. రెండోది ఏడాదిన్నర కిందటిది. తొమ్మిదో వారం స్కాన్‌లో గుండె చలనం లేదని తేలి, పుట్టింటి దగ్గర శుభ్రం చేయించారు.

అంటే కార్డు మీది రెండింటిలో దానంతటదే పోయింది ఒక్కటే.

మనవాళ్ల మాటల్లో ‘అబార్షన్’ అన్న ఒక్క పదమే రెండింటికీ సరిపోతుంది. కార్డులో రాసే ‘ఎ’ అక్షరం కూడా తేడా చూపదు. కొన్ని కార్డుల్లో ట్యూబులో వచ్చిన గర్భాన్ని కూడా అందులోనే కలిపేస్తారు. కానీ ప్రొజెస్టిరోన్ గురించి మన దగ్గరున్న ఆధారం మొత్తం దానంతటదే పోయిన గర్భాలు ఎన్ని అన్న లెక్క మీదే నిలబడి ఉంది. ఆ లెక్క తప్పితే నిర్ణయం తప్పుతుంది.

ఆ ఆధారం ఏమిటో కొంచెం నిదానంగా చూద్దాం. 2019లో బ్రిటన్‌లో ‘ప్రిజమ్’ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. గర్భం మొదటి 12 వారాల్లోపు రక్తస్రావంతో వచ్చిన 4153 మందిని 48 ఆసుపత్రుల్లో చేర్చుకున్నారు. సగం మందికి యోనిలో పెట్టుకునే మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి అలాగే కనిపించే ఉత్తి బిళ్ల. 16 వారాల దాకా కొనసాగించారు. 34 వారాలు దాటి బతికిన బిడ్డ పుట్టినవారు మందు గుంపులో 75 శాతం, ఉత్తి బిళ్ల గుంపులో 72 శాతం. గణాంకాల కొలమానంలో ఈ తేడా నిలబడలేదు. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయినవాళ్లు ‘ప్రొజెస్టిరోన్ పనిచేయదు’ అన్నారు.

అయితే అంతకుముందు ఎన్ని గర్భస్రావాలు జరిగాయన్న దాని ప్రకారం విడదీసి చూడాలని పరిశోధకులు ముందే నిర్ణయించుకున్నారు. అలా విడదీస్తే ఫలితం ఇలా ఉంది. ఇంతకుముందు ఒక్కటీ లేనివాళ్లలో మందు గుంపుకు 74 శాతం, ఉత్తి బిళ్ల గుంపుకు 75. మందు వేసుకున్నా, వేసుకోకపోయినా తేడా లేదు. ఒకటో రెండో జరిగినవాళ్లలో 76, 72. మూడు, అంతకన్నా ఎక్కువ జరిగినవాళ్లలో 72, 57. ఒకటైనా జరిగినవాళ్లందరినీ కలిపి చూస్తే 75, 70. అంటే అలాంటి ఇరవై మందికి మందిస్తే, మందు లేకపోతే పోయే గర్భాల్లో ఒకటి నిలుస్తుంది. మిగతా పంతొమ్మిది మందికి అది ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే.

దీన్ని ఆధారం చేసుకునే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 నవంబరులో సలహా మార్చింది. గర్భం సంచిలో ఉందని స్కాన్‌లో తేలాలి, ఇప్పుడు రక్తం వస్తుండాలి, ఇంతకుముందు ఒక గర్భస్రావమైనా జరిగి ఉండాలి. ఈ మూడూ కలిస్తే ప్రొజెస్టిరోన్ 400 రోజుకు రెండుసార్లు యోనిలో. గుండె చలనం కనిపిస్తే 16 వారాలు నిండేదాకా కొనసాగించాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇవ్వడానికి కారణం లేదు.

మా రోగికి మూడూ ఉన్నాయి. ఆమెకు జరిగిన రెండూ తీయించుకున్నవే అయితే ఇచ్చేవాళ్లం కాదు. రెండూ దానంతటవే పోయినవి అయితే నిర్ణయం మారదు కానీ, ఆమెకు ఆశ చెప్పే తీరు మారేది. కార్డులో మాత్రం కొత్తగా ‘ఇంతకుముందు స్వతః గర్భస్రావం ఒకటి, 9 వారాలు’ అని రాశాం. మొదటి గర్భం వివరం ఆసుపత్రి లోపలి ఫైలులోనే ఉంచాం. ఇంటికి తీసుకెళ్లే కార్డును అందరూ చదువుతారు.

అప్పటికే వాడుతున్నవి ఎందుకు ఆపాం

ఇంటివాళ్లకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన భాగం ఇదే. రక్తం వస్తుంటే మందులు పెంచుతారనుకుని వచ్చారు, మేం తగ్గిస్తున్నాం.

వారం వారం సూది: హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ నూనెలో కలిపిన మందు. శరీరం తయారుచేసే ప్రొజెస్టిరోన్‌కు ఇది చుట్టమే తప్ప అదే పదార్థం కాదు. మొదటి నెలల రక్తస్రావానికి ఇది పనిచేస్తుందని చెప్పగలిగే పెద్ద పరిశోధన లేదు. నెలలు నిండకుండా వచ్చే కాన్పును ఆపడానికి అమెరికాలో ఇచ్చిన అనుమతిని కూడా 2023లో వెనక్కి తీసుకున్నారు. పైగా రెండో సూది వేసిన చోట పిరుదు మీద గట్టి గడ్డలా ఉండి, పక్కకు తిరిగి పడుకోలేకపోతోంది. ఆపేశాం.

డైడ్రోజెస్టిరోన్ విషయంలో ఇంత తేలిగ్గా చెప్పలేం. చిన్న చిన్న పరిశోధనల్లో మేలు కనిపించింది, నోటితో వేసుకోవచ్చు, మత్తు రాదు. మన దగ్గర చాలామంది దీన్నే ఇష్టపడతారు. కానీ హాంకాంగ్‌లో రక్తస్రావంతో వచ్చిన 406 మంది మీద సరిగ్గా పోల్చి చూసిన పరిశోధన 2021లో వచ్చింది. 20 వారాల లోపు గర్భం పోయినవాళ్లు మందు గుంపులో 12.8 శాతం, ఉత్తి బిళ్ల గుంపులో 14.3 శాతం. తేడా ఉందని చెప్పలేం. పైగా మా రోగికి డైడ్రోజెస్టిరోన్ వాడుతుండగానే రక్తం మొదలైంది. ఒకటి ఆపి ఇంకొకటి మొదలుపెట్టాం. రెండూ కలిపి వాడితే మేలు ఎక్కువని ఎవరూ చూపలేదు. రెండు పెట్టుకుంటే ఏ మందుకు ఏ ఇబ్బంది వస్తోందో తెలుసుకోవడం కూడా కష్టం.

రక్తపరీక్షలో ‘తక్కువ’: ఆ పరీక్ష డైడ్రోజెస్టిరోన్‌ను లెక్కలోకి తీసుకోదు. సహజమైన ప్రొజెస్టిరోన్‌నే కొలుస్తుంది. కాబట్టి మందు వాడినా ఆ అంకె పెరగదు. ఇంకో సంగతి: ప్రొజెస్టిరోన్ స్థాయి ఒకే రోజులో కూడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకవేళ నిజంగానే తగ్గినా, అది కారణమో ఫలితమో ఆ అంకె చెప్పదు. పిండం సరిగా ఎదగనప్పుడు దాని నుంచి వచ్చే సంకేతం తగ్గుతుంది, దాంతో అండాశయంలోని కార్పస్ లూటియం ప్రొజెస్టిరోన్ తయారీ తగ్గిస్తుంది. అలాంటప్పుడు బయటినుంచి మందు పోస్తే వాన కురవడం లేదని చెరువుకు ట్యాంకరుతో నీళ్లు తెచ్చినట్టే. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండం క్రోమోజోముల్లోనే లోపం ఉంటుంది. వాటిని ఏ హార్మోనూ నిలపలేదు. పరీక్ష మళ్లీ చేయించవద్దని గట్టిగా చెప్పాం. ఇప్పుడు కొట్టుకుంటున్న గుండె ఆ అంకెకన్నా మంచి సాక్ష్యం.

బెడ్ రెస్ట్: మంచం మీద పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. గర్భంలో రక్తం చిక్కబడే గుణం ఎలాగూ పెరుగుతుంది, కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో గడ్డకట్టే ప్రమాదం దానికి తోడవుతుంది. ఇంటి పని, వంట, నడక మామూలుగా చేసుకోవచ్చని, బరువులు ఎత్తొద్దని, బస్సులో కూర్చుని ఆఫీసుకు వెళ్లడానికి భయపడవద్దని చెప్పాం. అత్తగారు ఒప్పుకున్నట్టు తల ఊపింది. ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

రక్తం రాకముందే, ఐదో వారంలోనే మొదలుపెట్టిన సపోర్ట్ గురించి కూడా ఒక మాట. కారణం తెలియకుండా పదేపదే గర్భం పోయిన 836 మందిని ‘ప్రామిస్’ అనే పరిశోధనలో గర్భం తెలియగానే చేర్చుకున్నారు. 2015లో ఫలితం: మందు గుంపులో బిడ్డ పుట్టినవాళ్లు 65.8 శాతం, ఉత్తి బిళ్ల గుంపులో 63.3 శాతం. ఆ తేడా లెక్కలో నిలవలేదు. రక్తం లేకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే ప్రొజెస్టిరోన్‌కు ఆధారం ఇంతే.

మొదటి ఐదు రోజులు ఎలా పాడయ్యాయి

ప్రిస్క్రిప్షన్ రాశాం: మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్ 200 మిల్లీగ్రాముల మెత్తటి క్యాప్సూళ్లు, పొద్దున రెండు, రాత్రి రెండు, యోనిలో. వారం తర్వాత స్కాన్‌కు రమ్మన్నాం.

ఐదో రోజు భర్త ఫోన్ చేశాడు. ఆమెకు పగలంతా కళ్లు మూతలు పడుతున్నాయట, పొద్దున బాత్‌రూమ్‌లో లేచి నిలబడగానే తూలి గోడ పట్టుకుందట. యోనిలో పెట్టుకునే మందుతో ఇంత మత్తు రావడం అరుదు. అనుమానం వచ్చి మందు కవరు ఫొటో పంపమన్నాం. మందుల షాపులో కవరు మీద పెన్నుతో రాసింది కనిపించింది: ‘2-0-2, తిన్న తర్వాత’.

మింగేస్తోంది. ఐదు రోజులుగా రోజుకు 800 మిల్లీగ్రాములు నోటి ద్వారా.

ఇది ఆమె తప్పు కాదు. పూర్తిగా షాపువాళ్ల తప్పు అనీ చెప్పలేం. మన మార్కెట్లో దొరికే ఈ క్యాప్సూల్ నోటికీ యోనికీ ఒకటే. స్ట్రిప్పు మీద వెనకవైపు చిన్న అక్షరాల్లో రెండు దారులూ రాసి ఉంటాయి. మేం ప్రిస్క్రిప్షన్‌లో దారి రాశాం కానీ ఇంగ్లీషులో, రెండక్షరాల పొట్టి గుర్తుతో. అది షాపు కౌంటరు దాకా చేరలేదు.

మింగితే ఏమవుతుంది? ప్రొజెస్టిరోన్ పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడే చాలా భాగం విరిగిపోతుంది. ఆ విరిగిన ముక్కల్లో ఒకటి మెదడు మీద నిద్రమాత్రలా పనిచేస్తుంది. అందుకే మత్తు, తూలుడు. గర్భసంచికి చేరేది కొంచెమే. యోనిలో పెట్టుకుంటే దగ్గర్లోనే ఉన్న సంచికి నేరుగా ఎక్కువ చేరుతుంది, రక్తంలో మాత్రం అంతగా పెరగదు. రక్తపరీక్ష అంకెతో ఈ మందు పనితీరు కొలవకూడదనడానికి ఇది ఇంకో కారణం.

వెంటనే పిలిపించాం. నర్సు పక్క గదిలో కూర్చోబెట్టి చూపించింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పడుకుని మోకాళ్లు మడిచి, ఒక్కో క్యాప్సూల్‌ను వేలితో ఎంత లోపలికి వెళితే అంత లోపలికి నెట్టాలి. ఒకదాని తర్వాత ఒకటి. పొద్దున అయితే పెట్టుకున్నాక పావుగంట, ఇరవై నిమిషాలు పడుకుంటే చాలు. రాత్రి నిద్రకు ముందు పెట్టుకోవాలి. తర్వాత తెల్లటి, కొంచెం జిడ్డు ద్రవం బయటికి వస్తుంది. అది మందు కారిపోవడం కాదు, క్యాప్సూల్ పైపొర, నూనె. పల్చటి ప్యాడ్ వాడుకోవచ్చు, లోపల పెట్టుకునే టాంపాన్ వాడకూడదు. రక్తం ధారగా ఉన్న పూట క్యాప్సూల్ కొట్టుకుపోయే అవకాశం ఉంది, అప్పుడు ఆ డోసు పోయిందనుకుని వదిలేయాలి, రెట్టింపు పెట్టకూడదు. పొద్దున మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు పెట్టుకోవచ్చు.

అప్పటినుంచి ప్రిస్క్రిప్షన్‌లో తెలుగులోనో కన్నడంలోనో ‘మింగకూడదు, కింద పెట్టుకోవాలి’ అని పెద్దక్షరాలతో రాస్తున్నాం. కొందరికి ఆ మాట మొరటుగా అనిపిస్తుంది. అయినా మా నర్సులు ఎవరూ ఆ మాట తీసేయరు.

తర్వాత జరిగింది

సరైన దారిలో మందు మొదలైన మూడో రోజుకు మత్తు పోయింది. 8 వారాల 1 రోజున స్కాన్: పిండం 17 మిల్లీమీటర్లు, గుండె 165. రక్తపు గడ్డ అంతే ఉంది. 8 వారాల 5 రోజులకు మళ్లీ ఎర్రగా రక్తం, ఈసారి మూడు ప్యాడ్‌లు. ఇంటివాళ్లు మందు పనిచేయలేదని, సూదులు ఆపడం వల్లే ఇలా అయిందని అనుకున్నారు. స్కాన్‌లో గుండె బాగానే ఉంది, ముఖద్వారం మూసుకునే ఉంది. పాత గడ్డలోంచే రక్తం దారి చేసుకుని బయటికి వచ్చింది. ప్రొజెస్టిరోన్ రక్తాన్ని ఆపే మందు కాదని అప్పుడు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇది మొదటి రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది. రక్తం ఆగిందా లేదా అని చూస్తూ మందును అంచనా వేస్తే, రక్తం ఆగగానే మానేస్తారు, మళ్లీ వస్తే నమ్మకం పోయి మానేస్తారు.

ఆ మొదటిది జరగబోయింది కూడా. పదకొండో వారంలో రక్తం పూర్తిగా ఆగింది. పండక్కి ఊరెళ్లినప్పుడు స్ట్రిప్పులు అయిపోయాయి, అక్కడి షాపులో 200 దొరకలేదు. 100 మిల్లీగ్రాములవి ఉన్నాయి. ‘రక్తం ఆగింది కదా, వదిలెయ్’ అన్నారు ఇంట్లో. ఆమె ఫోన్ చేసింది. 100వి నాలుగు పొద్దున, నాలుగు రాత్రి పెట్టుకోమన్నాం. 7 వారాల 1 రోజు నుంచి 16 వారాలు నిండేదాకా 62 రోజులు. రోజుకు నాలుగు చొప్పున 248 క్యాప్సూళ్లు, అంటే పది ఉండే స్ట్రిప్పులు ఇరవై అయిదు. ఈ లెక్క మొదట్లోనే చెప్పి, రెండు వారాలకు సరిపడా చేతిలో పెట్టుకోమంటే ఈ అవస్థ ఉండదు. ఖర్చు కూడా ముందే తెలుస్తుంది.

12 వారాల స్కాన్ మామూలుగా ఉంది, గడ్డ కరిగిపోయింది. 16 వారాలు నిండిన రోజు మందు ఒక్కసారే ఆపేశాం. కొద్దికొద్దిగా తగ్గించాల్సిన పని లేదు. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్యే ప్రొజెస్టిరోన్ తయారీ కార్పస్ లూటియం నుంచి మాయకు మారుతుంది. పన్నెండు దాటేసరికి మాయ ఆ పని పూర్తిగా చేస్తుంటుంది. మరి 16 దాకా ఎందుకు? పరిశోధనలో అలా ఇచ్చారు కాబట్టి. శరీరధర్మం ప్రకారం చూస్తే 12తో సరిపోవచ్చని వాదించేవాళ్లున్నారు, వాళ్ల వాదనలో బలముంది. కానీ ఫలితం చూపిన పద్ధతినే పాటించాలనుకున్నాం.

38 వారాలకు మామూలు కాన్పు, బిడ్డ 2.9 కిలోలు.

ఈ ఫలితాన్ని మందు ఖాతాలో వేయలేం

అత్తగారు బిడ్డను ఎత్తుకుని “ఆ మందే నిలబెట్టింది” అంది. ఆమెతో వాదించలేదు. కానీ కేసు రాసేటప్పుడు వాదించాలి.

ఏడో వారంలో గుండె కొట్టుకుంటుండగా కొద్దిగా రక్తం వచ్చినవాళ్లలో చాలామందికి ఏ మందూ లేకుండానే గర్భం నిలుస్తుంది. ప్రిజమ్‌లో ఉత్తి బిళ్ల వాడినవాళ్లలోనే నూటికి డెబ్బై రెండుగురికి బిడ్డ పుట్టింది. అందుకే వీధి చివరి క్లినిక్‌లో ఏ సూది వేసినా, ఏ మాత్ర ఇచ్చినా, నూటికి డెబ్బైమందికి అది పనిచేసినట్టే కనిపిస్తుంది. మన దగ్గర ఇన్ని రకాల సపోర్ట్ మందులు చెలామణీ కావడానికి మూలం ఇదే.

పరిశోధనల్లోనూ అంతా ఒకే మాట లేదు. 2023లో ఆస్ట్రేలియా నుంచి 278 మందితో వచ్చిన పరిశోధనలో యోని ప్రొజెస్టిరోన్ వల్ల మేలు కనిపించలేదు: బిడ్డ పుట్టినవాళ్లు మందు గుంపులో 82.4 శాతం, ఉత్తి బిళ్ల గుంపులో 84.2 శాతం. అది చిన్నది, ప్రిజమ్ చాలా పెద్దది. అయినా ప్రిజమ్‌లో మేలు కనిపించింది ఒక ఉపవిభాగంలోనే అన్నది మరవకూడదు. బిడ్డల్లో లోపాలు మాత్రం మందు వాడినా వాడకపోయినా ఒకే స్థాయిలో ఉన్నాయి. ఇరవై మందిలో ఒకరికి మేలు, హాని కనిపించలేదు, ఖర్చు భరించదగినది. ఇవ్వాలన్న మా నిర్ణయం ఈ మూడింటి మీద నిలబడింది. ఈమెతో కూడా ఇరవైలో ఒకరు అన్న లెక్కే చెప్పాం. అర్థం చేసుకుని సరేనంది.

గుండె ఆగిపోయి ఉంటే ఏం చేసేవాళ్లం అన్నది కూడా మొదటి రోజే చెప్పి ఉంచాం. స్కాన్‌లో గర్భం పోయిందని తేలిన రోజే ప్రొజెస్టిరోన్ ఆపాలి. అది పోయిన గర్భాన్ని తిరిగి తేలేదు. పైగా పోయిన గర్భం బయటికి రావడానికి అప్పుడు వాడే మిఫెప్రిస్టోన్ పనిచేసేది ప్రొజెస్టిరోన్‌ను అడ్డుకునే. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడడంలో అర్థం లేదు. ఇక వేచి ఉండకుండా వెంటనే రావలసిన గుర్తులు నాలుగు చెప్పాం: గంటకో ప్యాడ్ నిండా తడవడం, పొత్తికడుపులో ఒకవైపే పోటు, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరం.

తోడికోడలి కేసు

బిడ్డకు మూడు నెలలు నిండాక అదే అత్తగారు రెండో కోడలితో వచ్చింది. తొలి గర్భం, ఆరున్నర వారాలు, మచ్చలు. స్కాన్‌లో గుండె కనిపించింది. “పెద్దదానికి ఇచ్చారే, అవే మాత్రలు దీనికీ రాయండి” అంది.

ఈసారి కూడా ఆ చిన్న గదిలో ఒంటరిగా అడిగాం. ఇదే మొదటిసారి, ఇంతకుముందు ఏదీ లేదు. కాబట్టి రాయలేదు. 74, 75 అన్న అంకెలు కాగితం మీద రాసి చూపించాం. అంకెలు ఆమెకు నచ్చలేదు. “డబ్బులకు వెనకాడుతున్నామనుకున్నారా?” అని అడిగింది. లేదమ్మా, ఈ మందు ఈ అమ్మాయికి పని చేయదు, పెద్దమ్మాయికి పని చేసే అవకాశం ఉంది అని చెప్పి, ఫోలిక్ యాసిడ్ కొనసాగించమని, వారం తర్వాత స్కాన్ తేదీ రాసిచ్చాం. ఆ తేదీకి వచ్చినప్పుడు అమ్మాయి సంచిలో ఒక స్ట్రిప్పు కనిపించింది. పెద్దకోడలి దగ్గర మిగిలిపోయిన 200 క్యాప్సూళ్లు. పదింటిలో ఆరు ఖాళీ. ఎలా వాడుతున్నావని అడిగితే, తిన్న తర్వాత అంది.